ఒకే పేజీలో వార్త, బొమ్మ, వీడియో: ఏది పైన, ఏది కింద?

2014 అక్టోబరు మొదటి వారం వరకు 'హుద్‌హుద్' అన్న మాటను ఎవరైనా ఇంటర్నెట్‌లో వెతికితే వాళ్లకు కావలసింది ఒక పక్షి. తలమీద విసనకర్రలా విచ్చుకునే కిరీటం, పొడవాటి ముక్కు ఉన్న ఆ పక్షికి అరబ్బీలో అదే పేరు. అక్టోబరు 8న బంగాళాఖాతంలోని వాయుగుండం తుఫానుగా మారింది. ఒమన్ దేశం సూచించిన 'హుద్‌హుద్' అన్న పేరును దానికి పెట్టారు. 12వ తేదీన అది విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ నాలుగైదు రోజుల్లో ఆ మాటను వెతికినవారిలో పక్షి కోసం వెతికినవారు ఎంతమంది ఉంటారు? మాట మారలేదు, అక్షరాలు మారలేదు. కానీ ఆ మాట వెనక ఉన్న అవసరం పూర్తిగా మారిపోయింది.

సెర్చ్ ఇంజన్ ముందున్న చిక్కు ఇదే. అది చూడగలిగేది అక్షరాలను, చూపించవలసింది అవసరానికి తగినదాన్ని. వార్తలు, బొమ్మలు, వీడియోలు, మామూలు వెబ్ పేజీలు అన్నిటినీ ఒకే పేజీలో కలిపి చూపే పద్ధతిని యూనివర్సల్ సెర్చ్ అంటారు. ఆ పేజీలో ఏ బ్లాకు ఎక్కడ కూర్చోవాలన్నది ఎలా తేలుతుందో ఈ పాఠంలో చూద్దాం.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో గది ఉండేది. గూగుల్ బొమ్మల వెతుకులాట 2001లో వచ్చింది. వార్తల విభాగం 2002లో వచ్చింది. దాన్ని రూపొందించినవారు ఐఐటీ మద్రాసులో చదువుకున్న కృష్ణ భరత్. 2001 సెప్టెంబరు 11న అమెరికాపై దాడులు జరిగినప్పుడు సెర్చ్ ఇంజన్ దగ్గర ఆనాటి సంగతులేమీ లేకపోవడం చూసి ఆయన ఆ పనికి పూనుకున్నారు. వెతికే పెట్టె పైన 'వెబ్', 'ఇమేజెస్', 'న్యూస్' అని ట్యాబులు ఉండేవి. బొమ్మ కావాలంటే బొమ్మల ట్యాబు నొక్కాలి. అంటే ఏ రకం సమాచారం కావాలో చెప్పే బాధ్యత మనదే. కానీ చాలామంది ట్యాబుల జోలికే పోరు. మాట టైపు చేస్తారు, వచ్చిన పది లింకులను చూస్తారు, అంతే. పక్క గదిలో మంచి వస్తువున్నా తలుపు తీసేవారు తక్కువ.

2007 మే 16న గూగుల్ ఈ గదుల మధ్య గోడలు తీసేస్తున్నట్టు ప్రకటించి, దానికి యూనివర్సల్ సెర్చ్ అని పేరు పెట్టింది. అంతకు ముందు కూడా కొన్ని మాటలకు రెండు మూడు వార్తల లింకులు పేజీ పైభాగాన కనిపించేవి. దక్షిణ కొరియాలోని నేవర్ సంస్థ రకరకాల ఫలితాలను ఒకే పేజీలో వరసగా పేర్చి చూపే పద్ధతిని అప్పటికే నడుపుతోంది. గూగుల్ చేయబోయింది దానికంటే కష్టమైన పని. వార్తను, బొమ్మను, వీడియోను వెబ్ లింకులతో పోల్చి, వాటి మధ్యలోనే చోటు ఇవ్వాలి.

ఇక్కడ కష్టమేమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. వెబ్ పేజీలకు మార్కులు వేసే యంత్రం ఆ పేజీలో ఉన్న మాటలను, దానికి ఇతర పేజీల నుంచి వచ్చే లింకులను చూస్తుంది. వార్తలకు మార్కులు వేసే యంత్రం ఆ కథనం ఎంత తాజాది, ఎవరు రాశారు అన్నది చూస్తుంది. బొమ్మల యంత్రానికి బొమ్మ చుట్టూ ఉన్న రాత, బొమ్మ నాణ్యత ముఖ్యం. ఒక్కో యంత్రం తన సరుకును తన కొలతతో కొలుస్తుంది. వార్తకు 82 వచ్చి, వెబ్ పేజీకి 79 వస్తే వార్తే మెరుగైనదని చెప్పవచ్చా? రెండు వేర్వేరు బోర్డుల పరీక్షలు రాసిన ఇద్దరు విద్యార్థుల మార్కులను పక్కపక్కన పెట్టి ఎవరు మెరుగో చెప్పడం లాంటిదే అది. పేపరు వేరు, దిద్దినవారు వేరు, మార్కులు వేసే చేయి వేరు.

కొలత కుదరనప్పుడు మనుషులు చేసే పనే తొలి రోజుల్లో జరిగింది. కుర్చీలు ముందే వేసిపెట్టారు. ఈ సంగతి మన దేశంలోనే ఒక అధికారిక ఉత్తర్వులో నమోదైంది. 2012లో భారత్ మాట్రిమొనీ వెబ్‌సైటును నడిపే చెన్నై సంస్థ, వినియోగదారుల పక్షాన పనిచేసే కట్స్ సంస్థ గూగుల్‌పై భారత పోటీ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. విచారణ తరవాత 2018 ఫిబ్రవరిలో కమిషన్ ఉత్తర్వు ఇచ్చింది. 2010కి ముందు యూనివర్సల్ ఫలితాల స్థానం పూర్తిగా వాటి యోగ్యతను బట్టి తేలలేదనీ, మొదటి, నాలుగో, పదో స్థానాల్లోనే వచ్చేలా ముందే నిర్ణయమై ఉందనీ అందులో ఉంది. వాడేవారు ఆ వరసను యోగ్యతా క్రమమే అనుకుంటారు కనుక ఇది వాళ్లను తప్పుదోవ పట్టించడమేనని కమిషన్ భావించింది. ఈ అంశంతో పాటు మరికొన్ని అంశాలపై మొత్తం 135.86 కోట్ల రూపాయల జరిమానా విధించింది. గూగుల్ దానిపై అప్పీలుకు వెళ్లింది.

ఒకటి, నాలుగు, పది. ఈ మూడు అంకెల్లో ఒక తర్కం లేకపోలేదు. బ్లాకు తప్పకుండా కావలసినదైతే పైన, ఉంటే మంచిదనిపిస్తే మధ్యలో, పనికొస్తుందేమో అనిపిస్తే అడుగున. ఇంజనీరుకు ఇది సులువైన లెక్క. కానీ ఒక బొమ్మల బ్లాకు నిజంగా రెండో లింకు కంటే మెరుగై, మొదటిదాని కంటే తక్కువైతే? దాని సరైన చోటు రెండు. పాత పద్ధతిలో దానికి దక్కేది ఒకటో నాలుగో. ఒకటి ఇస్తే, ఆ చోటు న్యాయంగా దక్కవలసిన వెబ్‌సైటు కిందికి జారుతుంది. ఆ జారుడు చిన్నదేమీ కాదు. మొదటి లింకును మూడో స్థానానికి దించితే దానిపై క్లిక్కులు దాదాపు సగానికి పడిపోతాయని 2017లో యూరోపియన్ కమిషన్ ఒక కేసులో పేర్కొంది.

2010 నుంచి స్థానాలు తేలుతూ ఉండే పద్ధతి వచ్చింది. అంటే బ్లాకు ఏ రెండు లింకుల మధ్యనైనా కూర్చోగలదు. మరి కుదరని కొలతను ఎలా కుదిర్చారు? యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థల పరిశోధకులు ఆ కాలంలో ప్రచురించిన పత్రాల వల్ల ఇందులోని ప్రధానమైన ఆలోచన బయటివారికీ తెలుసు. మార్కులను పోల్చడం మానెయ్యండి, వాడేవారి ఎంపికను అంచనా వేయండి అన్నదే ఆ ఆలోచన. 'ఈ వార్తకు ఎన్ని మార్కులు?' అని అడగరు. 'ఈ మాటను వెతికిన వందమందిలో, ఈ వార్తల బ్లాకును దాని కిందనున్న లింకు కంటే ఎక్కువగా కోరుకునేవారు ఎంతమంది?' అని అడుగుతారు. వార్తకైనా, బొమ్మకైనా, వీడియోకైనా ఇదే ప్రశ్న. అందువల్ల జవాబులన్నీ ఒకే కొలతలోకి వస్తాయి.

ఇప్పుడు మళ్లీ హుద్‌హుద్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను వాడే అంకెలు లెక్క తెలియడానికి ఊహించుకున్నవి. పద్ధతి మాత్రం నిజమైనదే.

సెప్టెంబరులో ఆ మాటకు కొత్త వార్తా కథనాలు దాదాపు ఉండవు. కాబట్టి వార్తల బ్లాకు పోటీలోకే రాదు. పక్షి ఫొటోలు మాత్రం చాలామంది కోరుకుంటారు కనుక బొమ్మల బ్లాకు పైభాగంలోనే ఉంటుంది. అక్టోబరు 8న రెండు గుర్తులు ఒకేసారి కనిపిస్తాయి. మొదటిది, ఆ మాటను వెతికేవారి సంఖ్య గంటగంటకూ పెరుగుతుంది. రోజుకు ఎన్నిసార్లో వచ్చే మాట గంటకే అన్నిసార్లు వస్తుంటే ఏదో జరిగిందని యంత్రం పసిగడుతుంది. రెండోది, ఆ మాట శీర్షికలో ఉన్న కథనాలు పత్రికల సైట్లలో వరసగా పుట్టుకొస్తాయి. గతంలో ఇలాంటి గుర్తులు కనిపించిన మాటల అనుభవాన్ని బట్టి, వందమందిలో 30 మంది వార్త కోరుకుంటారని యంత్రం ముందస్తు అంచనా వేసిందనుకుందాం.

ఈ అంచనాకు ఎంత బలం ఇవ్వాలి? పదిమందిని అడిగితే ముగ్గురు అవునన్నారు అన్నంత బలం ఇద్దాం. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది:

```
అంచనా = (3 + వార్తను నొక్కినవారు) ÷ (10 + బ్లాకును చూసినవారు)
```

ఎవరూ చూడకముందు ఇది 3 ÷ 10, అంటే 0.3. మొదటి లింకుపై గెలవడానికి అది చాలదు. నాలుగో లింకు బలహీనంగా ఉంటే దానిపై గెలవచ్చు. కాబట్టి బ్లాకును మూడో లింకు కింద ఉంచుతారు. తరవాత కొద్దిసేపట్లో 40 మంది దాన్ని చూశారు, 27 మంది నొక్కారు అనుకుందాం. ఇప్పుడు (3 + 27) ÷ (10 + 40) = 0.6. వందలో 60 మంది. బ్లాకు మొదటి లింకును దాటి పైకి వెళ్తుంది. నలభైమంది చాలు, ఎందుకంటే ముందస్తు అంచనా బరువు పదిమందిదే. ఆ బరువును వెయ్యిమందికి సమానంగా పెట్టి ఉంటే అంచనా 327 ÷ 1040, అంటే దాదాపు 0.31 దగ్గరే ఆగిపోయేది. తుఫాను తీరం దాటుతున్నా పేజీ పైన పక్షి బొమ్మలే ఉండేవి. బరువు మరీ తక్కువగా పెడితే దానికి ఇంకో ప్రమాదం ఉంది. నలుగురు ఆకతాయిగా నొక్కినా బ్లాకు ఎగిరి పైన కూర్చుంటుంది. ఈ బరువును ఎంత పెట్టాలన్నది పాత సంఘటనలపై పరీక్షించి తేల్చుకోవలసిందే.

తుఫాను వెళ్లిపోయిన తరవాత ఏమవుతుంది? పాత క్లిక్కులన్నీ అలాగే లెక్కలో ఉంటే వార్తల బ్లాకు నెలల తరబడి పైనే ఉండిపోతుంది. అందుకని క్లిక్కులకు వయసు కడతారు. నిన్నటి క్లిక్కు విలువ సగం, మొన్నటిది పావు, అలా తగ్గించుకుంటూ పోతారు. క్రమంగా వార్త కిందికి జారి, మాయమవుతుంది. కానీ హుద్‌హుద్ అన్న మాట పాత చోటికి పూర్తిగా తిరిగి రాదు. పక్షితో పాటు తుఫాను గురించిన వెబ్ పేజీలు కూడా ఇప్పుడు పుట్టి ఉన్నాయి కదా.

బొమ్మల బ్లాకు సంగతి కొంచెం తిరకాసు. తుఫాను రోజున బొమ్మలు కోరుకునేవారు చాలామందే ఉంటారు. కానీ ఆ బ్లాకు లోపల ఏముంది? ఏళ్ల తరబడి క్లిక్కులు పోగేసుకున్న పక్షి ఫొటోలు. ఉపగ్రహ చిత్రాలు, కూలిన చెట్ల ఫొటోలు ఇంకా ఇప్పుడిప్పుడే చేరుతున్నాయి. చోటు సరైనదే, అందులో కూర్చున్నది తప్పు. కాబట్టి బ్లాకు స్థానాన్ని తేల్చే యంత్రం ఆ బ్లాకు లోపలి నాణ్యతను కూడా చూడాలి. వీడియోలకు ఇంకో బెడద ఉంది. పాత తుఫాను వీడియోకు కొత్త పేరు తగిలించి ఎక్కించేవారు ఉంటారు. పేరును చూసి పోల్చే యంత్రానికి అది తాజా సరుకులాగే కనబడుతుంది.

ఇంతవరకు మనం ఒక పెద్ద అనుమానాన్ని పక్కన పెట్టి వచ్చాం. క్లిక్కును నమ్మవచ్చా? పైన ఉన్నదాన్ని జనం పైన ఉన్నందుకే నొక్కుతారు. బస్టాండులో మొదటి దుకాణానికి బేరాలు ఎక్కువ వస్తే, అక్కడి టీ బాగుంటుందని అర్థం కాదు. బ్లాకును పైన పెట్టి, క్లిక్కులు వచ్చాయి కాబట్టి పైనే ఉంచుతామంటే అది తన సాక్ష్యాన్ని తానే తయారు చేసుకున్నట్టు.

దీనికి పరిశోధకులు వాడే మందు చీటీలు వేయడం. వాడేవారిలో చిన్న భాగాన్ని, నూటికి ఒకరిని అనుకుందాం, ఎంచుకుంటారు. వాళ్లకు బ్లాకును ఎక్కడ చూపాలన్నది లెక్కతో కాకుండా చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. ఒకరికి పైన, ఇంకొకరికి మధ్యలో, మరొకరికి అడుగున. అప్పుడు ఒకే చోట ఉన్నప్పుడు బ్లాకును ఎంతమంది ఎంచుకున్నారు, లింకును ఎంతమంది ఎంచుకున్నారు అన్నది తెలుస్తుంది. చోటు వల్ల వచ్చిన లాభం వేరు, సరుకు వల్ల వచ్చిన లాభం వేరు అని విడిపోతుంది. మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌లో పనిచేసిన పరిశోధకులు 2011లో ఇలాంటి యాదృచ్ఛిక ప్రయోగంతో బ్లాకుల స్థానాలు నేర్చుకునే పద్ధతిని ప్రచురించారు. అందులోనూ పైన, మధ్య, అడుగు అనే మూడు చోట్లే ఉన్నాయి. దీనికి ఒక వెల ఉంది. ఆ నూటికి ఒకరు ఆ రోజు కొంచెం చెడ్డ పేజీని చూస్తారు, ఆ సంగతి వారికి తెలియదు.

చీటీలు వేసినా తీరని చిక్కులు రెండున్నాయి. బొమ్మ కంటిని లాగుతుంది. పది వరసల రాత మధ్య ఒక ఫొటో ఉంటే చూపు ముందు దానిమీదకే పోతుంది, దాని పక్కనున్న లింకులు కూడా ఆ వెలుగులో లాభపడతాయి. కాబట్టి బొమ్మపై పడిన క్లిక్కునూ లింకుపై పడిన క్లిక్కునూ ఒకే తూకంతో తూచకూడదు. నొక్కినవారు అక్కడ ఎంతసేపు ఉన్నారు, వెంటనే వెనక్కి వచ్చి వేరేది వెతికారా అన్నది కూడా చూస్తారు. రెండో చిక్కు దీనికి తలకిందులు. ఆనాడు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, విశాఖలోని తల్లిదండ్రులకు ఫోను కలవక వెతికిన మనిషిని ఊహించుకోండి. 'తుఫాను తీరం దాటింది' అన్న శీర్షిక చదవగానే అతనికి కావలసిన కబురు అందింది. దేన్నీ నొక్కకుండానే పేజీ మూసేశాడు. వార్తల బ్లాకు తన పని బ్రహ్మాండంగా చేసింది, లెక్కలో మాత్రం అది ఓటమి. వాతావరణం, క్రికెట్ స్కోరు చూపే బ్లాకులకు ఈ అన్యాయం ఇంకా ఎక్కువ. అందుకని నొక్కకుండా వెళ్లిపోయినవారందరినీ అసంతృప్తులుగా లెక్కకట్టరు. ఆ మనిషి తరవాత అదే సంగతిని మళ్లీ వెతికాడా లేదా అన్నది మెరుగైన గుర్తు.

ఈ పద్ధతి అంతా తాజాదనాన్ని పైకి లాగడానికి తయారైంది. అదే దాని పెద్ద ప్రమాదం కూడా. 2017 అక్టోబరులో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఒక సంగీత కచేరీపై కాల్పులు జరిగాయి. కాల్చింది ఎవరో పోలీసులు చెప్పకముందే, ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో కొందరు ఏ పాపమూ ఎరుగని ఒక వ్యక్తి పేరును రాసేశారు. ఆ పేరును గూగుల్‌లో వెతికినవారికి 'టాప్ స్టోరీస్' బ్లాకులో, పేజీ పైభాగాన, ఆ చర్చే కనిపించింది. కొన్ని గంటల తరవాత అది తొలగిపోయింది. సంస్థ తన తప్పును ఒప్పుకుంది. తాజాదనానికి ఇచ్చినంత తూకం విశ్వసనీయతకు ఇవ్వలేదని వివరణ ఇచ్చింది.

మన లెక్కతో చూస్తే అది ఎలా జరిగి ఉంటుందో ఊహించవచ్చు. ఒక పేరును ఉన్నట్టుండి వేలమంది వెతుకుతున్నారు, కాబట్టి వార్త కావాలన్న అంచనా పెరుగుతుంది. కానీ నిజమైన విలేఖరులెవరూ ఆ పేరు గురించి రాయలేదు, రాయడానికి ఏమీ లేదు కనుక. బ్లాకుకు చోటు ఉంది, పెట్టడానికి మంచి సరుకు లేదు. ఉన్న నాలుగు పుల్లల్లో తాజాది పైకొచ్చింది. పైన ఉంది కాబట్టి క్లిక్కులూ వస్తాయి. అవసరం ఎంత ఉన్నా, నమ్మదగిన సరుకు లేనప్పుడు బ్లాకును ఖాళీగా వదిలేయడమే సరైన నిర్ణయం. అంకెలు మాత్రమే చూసే యంత్రానికి ఆ నిగ్రహాన్ని విడిగా నేర్పాలి.

ఆఖరుగా, ఒకే తూకం అన్న మాటకు ఇంకో కోణం ఉంది. బ్లాకు సెర్చ్ సంస్థ సొంతదైతే? యూరోపియన్ కమిషన్ 2017 జూన్‌లో గూగుల్‌కు 242 కోట్ల యూరోల జరిమానా వేసింది ఈ విషయంలోనే. వస్తువుల ధరలు పోల్చి చూపే గూగుల్ సొంత బ్లాకు పేజీలో పైన కూర్చుంటే, అదే పని చేసే పోటీ సైట్లు మామూలు లింకుల సూత్రాలకు లోబడి కిందికి పోయాయి. వాటిలో అన్నిటికంటే పైనున్నది కూడా సగటున నాలుగో పేజీలో కనిపించిందని కమిషన్ తేల్చింది. మొదటి పేజీలోని పది లింకులకే దాదాపు 95 శాతం క్లిక్కులు పోతాయనీ, రెండో పేజీలోని మొదటి లింకుకు దక్కేది ఒక శాతమేననీ అదే నిర్ణయంలో ఉంది. నాలుగో పేజీ అంటే ఊరి బయట అన్నమాట. సంస్థ కోర్టుకు వెళ్లింది. 2021లో కింది కోర్టు, 2024 సెప్టెంబరు 10న యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం ఆ జరిమానాను సమర్థించాయి. ఈలోగా 2017 నుంచే ఆ బ్లాకులోని చోట్లకు పోటీ సంస్థలు కూడా వేలంలో పాల్గొనే ఏర్పాటు చేశారు. ఇంతకూ, బ్లాకును చూపడం తప్పని కమిషన్ ఎక్కడా అనలేదు. సొంత బ్లాకుకు ఒక కొలత, పక్కవారి లింకుకు మరో కొలత ఉండటాన్నే అది తప్పుపట్టింది.